టేబుల్లో రికార్డు ఉంది, రిలే మాత్రం పంపలేదు

పలాస జీడిపప్పు: పోస్ట్‌గ్రెస్‌లో అవుట్‌బాక్స్ టేబుల్ పెట్టాం. రిలే ఒక్కటే. సెకనుకోసారి `id > last_id` అని చదివి కాఫ్కాకి పంపుతుంది. ఎర్రర్ ఒక్కటీ లేదు. అయినా అప్పుడప్పుడు ఒక ఆర్డరు గోడౌన్‌కి చేరట్లేదు. రికార్డు మాత్రం టేబుల్లోనే ఉంది. ఎందుకు?

నాగావళి: ఐడీ పడేది ఇన్సర్ట్ దగ్గర, రికార్డు రిలేకి కనబడేది కమిట్ అయ్యాక. ఒక ట్రాన్సాక్షన్ 101 తీసుకుని స్టాకు లెక్కలో 3 సెకన్లు ఆగింది అనుకోండి. ఈలోగా ఇంకోటి 102 తీసుకుని కమిట్ అయిపోయింది. రిలే 102 పంపి `last_id` 102 చేసుకుంది. తర్వాత 101 కమిట్ అయినా దాన్ని ఎవరూ చూడరు.

కోట జంక్షన్: రిలే ఒక్కటైతే అలా ఎందుకు అవుతాది? 101 లేదని తెలుస్తోంది కదా, అది వచ్చేదాకా ఆగమంటే సరి.

నాగావళి: రోల్‌బ్యాక్ అయినా ఆ నెంబరు వెనక్కి రాదు. అలాంటి ఖాళీ దగ్గర ఆగితే రిలే ఎప్పటికీ కదలదు. `last_id` తీసేసి, పంపనివాటినే అడగండి:

```sql
SELECT id, payload FROM outbox
WHERE published_at IS NULL
ORDER BY id LIMIT 100;
```

కాఫ్కా అందిందని చెప్పాకే `published_at` నింపాలి.

గంటస్తంభం: మాకు దీనికి రివర్సు. ఒకే ఆర్డరు రెండుసార్లు వెళ్ళింది.

నాగావళి: పంపాక, గుర్తు పెట్టేలోపు రిలే పడిపోతే అంతే. అందుకునే వైపు ఈవెంట్ ఐడీ దాచుకుని, రెండోసారి వస్తే వదిలెయ్యాలి.

కోట జంక్షన్: ప్రతి రికార్డుకీ అప్‌డేటా! టేబుల్ ఉబ్బిపోతాది. మొన్నటి కంపెనీలో ఇలాగే చేసి, అర్ధరాత్రి ఫోన్లు నాకే చేసేవారు.

నాగావళి: పంపినవాటిని రోజూ తుడిచెయ్యండి, పంపనివాటికి మాత్రమే పార్షియల్ ఇండెక్స్ పెట్టండి. అంతకు మించి అక్కడ గొడవేమీ లేదు.

కోట జంక్షన్: గొడవ ఉబ్బు గురించి కాదండీ! మీ పద్ధతిలో 102 ముందు, 101 తర్వాత వెళ్తాది. క్యాన్సిల్ ముందెళ్ళి, మార్పు తర్వాత వెళ్తే? సరుకు లారీ ఎక్కేస్తాది.

నాగావళి: ఇది ముందే అడగాల్సిన మాట. ఒకే ఆర్డరుకి అలా జరగకుండా ఆపొచ్చు. ముందు ఆర్డరు రికార్డుని అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే అవుట్‌బాక్స్‌లో రాయండి. రెండో ట్రాన్సాక్షన్ ఆ లాక్ దగ్గర ఆగుతుంది. మొదటిది కమిట్ అయ్యాకే దానికి నెంబరు పడుతుంది. కాఫ్కా కీగా ఆర్డరు నెంబరే ఇవ్వండి, ఒకే పార్టిషన్‌లో పడతాయి.

కోట జంక్షన్: మరి రెండు ఆర్డర్ల మధ్య? స్టాకు ఒకటే కదా.

నాగావళి: దానికి ఇది చాలదు. డెబీజియం అయితే టేబుల్ని కాదు, పోస్ట్‌గ్రెస్ వాల్ లాగ్‌ని చదువుతుంది, అదీ కమిట్ అయిన వరసలోనే. కాకపోతే అది ఆగిపోయిన రోజున, ఎక్కడిదాకా చదివిందో గుర్తుంచుకునే స్లాట్ కోసం వాల్ ఫైళ్ళు పేరుకుని డిస్కు నిండుతుంది.

కోట జంక్షన్: డిస్కు నిండితే ఆర్డర్లే ఆగిపోతాయి. నేనొప్పుకోను.

పలాస జీడిపప్పు: ఇప్పుడే చూశాను. మా కోడ్‌లో అవుట్‌బాక్స్ ఇన్సర్టే ముందుంది, ఆర్డరు అప్‌డేట్ చివర్న ఉంది.