గ్రైండ్ చేస్తే కాఫీ పొడి కప్పులో తప్ప అన్నిచోట్లా పడుతోంది, ఎవరైనా చెప్పండి

రెండో డబరా:
పొద్దున్నుంచీ ఇదే పని, ఓపిక అయిపోయింది. కాఫీ గింజలు గ్రైండర్‌లో వేసి తిప్పితే పొడి కప్పులో బుద్ధిగా కూర్చోకుండా కప్పు గోడలకీ, మూతకీ, పైన పొడి దిగే మూతికీ అంటుకుపోతోంది. కప్పు బయటికి లాగగానే కొంత గుప్పున లేచి ప్లాట్‌ఫాం మీద పడుతోంది. పల్చటి పొట్టయితే ఎదురొచ్చి చేతికి అతుక్కుంటోంది. కడిగి ఆరబెట్టాను, బ్రష్‌తో దులిపాను, పొడి సైజు మార్చాను, లాభం లేదు. కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే కొత్తలో అలాగే ఉంటుందిలెండి అన్నారు. ఇంకెవరో గింజల మీద రెండు చుక్కల నీళ్లు చల్లమన్నారు. కాఫీ గింజల మీద నీళ్లేమిటండీ? నిజమా, వేళాకోళమా?

కరెంటు మాస్టారు:
అమ్మా, ఇది స్టాటిక్ కరెంటు. మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. చాలామంది మూడు పిన్నుల ప్లగ్గు పెట్టేసి ఎర్తింగ్ ఉందనుకుంటారు. సాకెట్ వెనక ఆ ఆకుపచ్చ తీగ ఎక్కడికీ కలిపి ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో ఎర్త్ పిట్ చూపించండి. అందులో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో కనుక్కోండి. ఎండాకాలంలో పిట్ ఎండిపోతే ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. నీళ్లు పోయాల్సింది అక్కడ, గింజల మీద కాదు.

సూటిగా:
ఏ గ్రైండర్? ఏ రోస్ట్? కప్పు ప్లాస్టిక్కా, స్టీలా? చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

గోదారి గట్టు:
మాకూ ఇదే బాధండీ! మిక్సీలో ధనియాల పొడి కొడితే మూత తీయగానే ఇల్లంతా ఘాటు. నేను మూత మీద తడిగుడ్డ కప్పి కాసేపు ఆగి తీస్తాను. మీరూ అలా చేసి చూడండి.

రెండో డబరా:
గోదారి గట్టు గారూ, మిక్సీ కాదండీ. బర్స్ అనే రెండు పళ్ల చక్రాల మధ్య గింజలు నలిగే బర్ గ్రైండర్, కరెంటుదే. పైన చిన్న గిన్నె, కింద ప్లాస్టిక్ కప్పు. ప్రతిసారీ 20 గ్రాములు తూచి వేసుకుంటాను. ఫిల్టర్ కాఫీకే. గింజలు అమ్మావాళ్లు వస్తూ తెచ్చారు, బాగా నల్లగా వేయించినవి. మాస్టారూ, మాకు పెరడు లేదు, అపార్ట్‌మెంట్.

అరకు దారి:
నేను గింజలు వేయించే పనిలో ఉన్నాను, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. ఆ నీళ్ల మాట వేళాకోళం కాదు. డేవిడ్ రాస్ అనే ఆయన చెప్పిన చిట్కా అది. ఆయన పేరు మీదే రాస్ డ్రాప్లెట్ టెక్నిక్, పొట్టిగా ఆర్‌డీటీ అంటారు.

గింజ పగిలినప్పుడూ, ముక్కలు ఒకదానికొకటీ, బర్స్‌కీ రాసుకున్నప్పుడూ పొడికి చార్జ్ ఎక్కుతుంది. గింజలో తేమ ఎంత తక్కువుంటే చార్జ్ అంత ఎక్కువ. నల్లగా వేయించేకొద్దీ లోపలి తేమ పోతుంది, గింజ పెళుసవుతుంది, పగిలినప్పుడు సన్నటి దుమ్ము ఎక్కువ వస్తుంది. అంటే మీరు చెప్పిన గింజలకి ఈ సమస్య ఎక్కువే ఉంటుంది. దానికి తోడు ప్లాస్టిక్ కప్పు. దాని మీదికి చేరిన చార్జ్ త్వరగా దిగదు, స్టీలైతే కొంత నయం.

పైన కొంచెం తడి ఉంటే గింజ పగిలేటప్పుడే చార్జ్ పోగవకుండా ఆ నీరు అడ్డుపడుతుంది. అందుకే నీళ్లు తిప్పడానికి ముందే వేయాలి. పొడి అయ్యాక చల్లితే ముద్ద కట్టడం తప్ప ప్రయోజనం లేదు.

కరెంటు మాస్టారు:
నీళ్లు పడితే పొడి బరువెక్కి కిందికి పడుతుంది, అంతే. చార్జ్ పోవాలంటే ఎర్త్ ఉండాల్సిందే. ఇది ఫిజిక్స్.

అరకు దారి:
మాస్టారూ, చార్జ్‌కి పోవడానికి దారి కావాలన్నది నిజమే. కానీ చేత్తో తిప్పే గ్రైండర్‌కి ప్లగ్గే ఉండదు, అందులోనూ పొడి ఇలాగే అంటుకుంటుంది. దానికి ఏ గోడలో ఎర్తింగ్ చూస్తాం? బరువు సంగతంటారా, 20 గ్రాముల గింజలకి వేసేది నాలుగైదు చుక్కలు. అంటే పావు మిల్లీలీటరు. దానికి బరువేం పెరుగుతుంది?

గ్రైండర్ బాడీ ముట్టుకుంటే చురుక్కుమంటోందా, అది వేరే సంగతి. అప్పుడు మీరన్నట్టు ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

సూటిగా:
కప్పు స్టీలుది పెట్టుకోండి. సగం పని అయిపోతుంది.

రెండో డబరా:
బాడీ చురుక్కుమనట్లేదండీ. తలుపు పిడి ముట్టుకున్నా, దుప్పటి మడతపెట్టినా మాత్రం చిటుక్కుమంటోంది. ఈ ఊళ్లో చలికాలం వచ్చిందంటే ఇంతే, రాత్రీ పగలూ హీటర్ తిరుగుతూనే ఉంటుంది.

సూటిగా:
ఏ ఊరు?

రెండో డబరా:
న్యూజెర్సీ. చెప్పలేదా?

సూటిగా:
లేదు.

కరెంటు మాస్టారు:
అమెరికా అని ముందే చెబితే ఎర్త్ పిట్ గురించి అంత రాసేవాణ్ణి కాదు కదమ్మా. అక్కడ 120 వోల్టులు, పద్ధతులు వేరు. అయినా ఆ మూడో పిన్ను ఒకసారి చూపించుకుంటే నష్టం లేదు.

అరకు దారి:
న్యూజెర్సీ అనగానే ముడి వీడిపోయింది. బయటి చల్లగాలిలో నీటి ఆవిరి ఎలాగూ తక్కువ. ఆ గాలినే లోపల వేడి చేస్తే గది బాగా పొడిబారిపోతుంది. మీ పెదవులు పగలడానికీ, దుప్పటి చిటపటలకీ, కాఫీ పొడి గోడెక్కడానికీ కారణం అదే. ఇవే గింజలు విశాఖలో జూలైలో తిప్పితే ఇంత గొడవ ఉండదు. గ్రైండర్ పాడైందేమో అని టెన్షన్ పడకండి.

ఇక ఎలా చేయాలంటే, 20 గ్రాములు ఒక గిన్నెలో తూచండి. చిన్న చెంచా తిరగేసి పట్టుకుని కాడని నీళ్లలో ముంచండి. కాడకి ఎంత నీరు పట్టుకుంటే అంతే, దాంతో గింజల్ని గిన్నెలో అటూ ఇటూ కలపండి. గింజల మీద సన్నటి మెరుపు వస్తుంది. గిన్నె అడుగున తడి కనిపించిందంటే ఎక్కువైనట్టే. స్ప్రే బాటిల్ ఉంటే దూరం నుంచి ఒక్క నొక్కు నొక్కి గిన్నె కుదిపితే చాలు. వెంటనే గ్రైండర్‌లో వేసి తిప్పేయండి, పక్కన పెట్టి ఇంకో పని చూసుకోవద్దు. అయిపోయాక కప్పు లాగకుండా ఒక నిమిషం ఆగి, గ్రైండర్‌ని చేత్తో రెండు తట్లు తట్టి అప్పుడు తీయండి.

సరిపోయిందో లేదో తెలియాలంటే తూచండి. వేసిన 20 గ్రాములకి కప్పులో పడ్డది ఎంతో చూడండి. ఇప్పుడు గ్రాము దాకా పోతూ ఉండొచ్చు, నీళ్లు వేశాక ఆ తేడా చాలావరకు తగ్గాలి. ఇంకా పొట్టు ఎగురుతుంటే ఒక చుక్క పెంచండి. పొడి చిన్న చిన్న ఉండలుగా పడుతున్నా, మూతి దగ్గర తడి పేస్టులా అంటుకుంటున్నా తగ్గించండి.

మెట్రో కాఫీ:
బ్రో, గింజలు తడపడమంటే నాకు భయం. బర్స్ స్టీలువి, తుప్పు పట్టవా? వారంటీ కూడా పోతుందంటారు.

అరకు దారి:
తడపడం అనకండి, అక్కడే గొడవంతా. కడిగిన బియ్యంలా చేస్తే తుప్పూ పడుతుంది, లోపల పొడి పేరుకుని వాసనా వస్తుంది. చెంచా కాడ తడిని పొడే పీల్చేసుకుంటుంది. అయినా మీ భయం అనవసరం అనను. కొన్ని కంపెనీలు నీళ్లు వద్దనే రాస్తాయి, మీ గ్రైండర్‌తో వచ్చిన పుస్తకం చూసుకోండి. అప్పుడప్పుడు విప్పి బ్రష్‌తో దులుపుకోండి. పైన హాపర్ నిండా గింజలు పోసి ఉంచేవాళ్లు మాత్రం ఇది అసలు చేయొద్దు. తడి గింజలు అందులోనే కూర్చుంటాయి, రుచీ పోతుంది, బర్స్ కూడా పోతాయి.

గోదారి గట్టు:
చికోరీ కూడా గింజలతోపాటే వేసి తిప్పొచ్చా?

అరకు దారి:
వద్దండీ. చికోరీ తేమని ఇట్టే పీల్చుకుని జిగురెక్కుతుంది. కాఫీ తిప్పాక చికోరీ పొడి విడిగా కలుపుకోండి.

మెట్రో కాఫీ:
నీళ్లు వేస్తే కాఫీ చిక్కగా కూడా వస్తుందని ఎక్కడో చదివాను. అమెరికాలో యూనివర్సిటీ వాళ్లు తేల్చారట.

అరకు దారి:
ఒరెగాన్ యూనివర్సిటీలో క్రిస్టొఫర్ హెండన్ బృందం, 2023లో. అగ్నిపర్వతాల బూడిదలో మెరుపులు ఎలా పుడతాయో చూసేవాళ్లు కూడా అందులో ఉన్నారు, ఎందుకంటే అక్కడా ఇక్కడా చార్జ్ ఎక్కే తీరు ఒకటే. చార్జ్ వల్ల సన్నపొడి ఉండలు కడుతుంది. నీళ్లు వేస్తే ఆ ఉండలు తగ్గి, పొడి మధ్య ఖాళీలు కూడా తగ్గి, నీరు నెమ్మదిగా దిగుతుంది, సారం ఎక్కువ వస్తుంది. కానీ వాళ్లు చూసింది ఎస్‌ప్రెసోతో, అక్కడ ఒత్తిడి మీద నీళ్లు దిగుతాయి. వాళ్లు గ్రాముకి 20 మైక్రోలీటర్ల దాకా వెళ్లారు, అంటే 20 గ్రాములకి 8 చుక్కల లెక్క. మన ఇత్తడి ఫిల్టర్‌లో అంత తేడా తెలుస్తుందని నేను చెప్పలేను. పొడి ఎగరకుండా ఉండడానికైతే అంత నీరు అక్కర్లేదు.

ఫిల్టర్ బాబాయ్:
ఇంత సీన్ ఎందుకర్రా. మా రోజుల్లో కాఫీ మిల్లుకెళ్లి పావుకిలో పట్టించుకొచ్చేవాళ్లం. ఎగిరిందీ లేదు, గోడెక్కిందీ లేదు.

సూటిగా:
ఎగిరేది మిల్లువాడి గోడకి.

ఫిల్టర్ బాబాయ్:
అదీ నిజమేలే. ఆ వాసన కోసమే అక్కడ నిలబడేవాళ్లం.

రెండో డబరా:
చెంచా కాడతో చేశాను. కప్పు గోడలు దాదాపు శుభ్రంగా ఉన్నాయి, పొట్టు కూడా కిందే పడింది. 20 వేస్తే 19.8 వచ్చింది. కానీ డికాక్షన్ బాగా ఆలస్యంగా దిగుతోంది, సగం పైనే ఆగిపోయింది. నీళ్ల వల్లేనా?

కరెంటు మాస్టారు:
నేను ముందే చెప్పాను, నీళ్లు వద్దని.

అరకు దారి:
కావచ్చు. ఇదివరకు గోడలకి అంటుకుపోయిన సన్నపొడి ఇప్పుడు ఫిల్టర్‌లోకి వస్తోంది కదా. గ్రైండ్ ఒక్క గీత ముతకగా పెట్టండి, పైన ప్లంజర్‌తో గట్టిగా నొక్కకండి. ఫిల్టర్ కన్నాలు పూడుకుపోయాయేమో కూడా వెలుతురుకి పెట్టి చూడండి. మొదట ఏ సైజు పెట్టారు? మధ్యలో మార్చానన్నారు కదా, సన్నగా మార్చారా, ముతకగానా?

ఫిల్టర్ బాబాయ్:
కన్నాల్ని పిన్నీసుతో పొడవొద్దు, పెద్దవైపోతాయి. స్టవ్ మీద ఒకసారి కాల్చి దులిపితే చాలు.

మెట్రో కాఫీ:
కాలిస్తే ఇత్తడి రంగు మారదా బాబాయ్?

ఫిల్టర్ బాబాయ్:
మారితే చింతపండు పెట్టి తోము.

రెండో డబరా:
థాంక్సండీ అందరికీ. సైజు రేపు చూసి చెబుతా.

గోదారి గట్టు:
మరి ధనియాల మీద కూడా నీళ్లు చల్లొచ్చా?