ఆరేళ్ళ గ్యాప్: రెజ్యూమేలో ఏం రాయాలి, ఇంటర్వ్యూలో ఎంత చెప్పాలి?

బెజవాడ కోడలు:
అకౌంట్స్‌లో ఏడేళ్ళు చేసి 2019 మార్చిలో మానేశాను. అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత మామగారికి డయాలసిస్ మొదలైంది, వారానికి మూడు రోజులు. మామగారు నిరుడు కాలం చేశారు. ఇప్పుడు మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఈ ఆరేళ్ళని రెజ్యూమేలో ఎలా రాయాలి? ఇంటర్వ్యూలో ఎంతవరకు చెప్పాలి? రెండు చోట్లకి వెళ్ళాను, రెండు చోట్లా ఆ ప్రశ్న దగ్గరే మాట ఆగిపోయింది.

లెడ్జర్ బాబాయ్:
అమ్మా, ఖాళీ కనబడనివ్వకు. తెలిసిన ఆడిటర్ దగ్గర 2019 నుంచి పార్ట్‌టైమ్ చేసినట్టు లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ రాయించుకో. ముప్ఫై ఏళ్ళుగా గుంటూరు, బెజవాడ ఆఫీసులు చూస్తున్నాను. ఖాళీ కనిపిస్తే కాగితం పక్కన పడేస్తారు, కింద కారణం ఏం రాశావో ఎవరూ చదవరు.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
బాబాయ్ గారూ, ఆ సలహా ఇవ్వకండి. పదకొండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. చేరే ముందు పీఎఫ్ ఖాతా నంబరు, అదే యూఏఎన్, అడుగుతారు. ఎక్కడ ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీలో కనిపిస్తాయి.

లెడ్జర్ బాబాయ్:
20 మంది లోపు ఉన్న ఆఫీసుకి పీఎఫ్ చట్టమే వర్తించదు. ఆడిటర్ దగ్గర ఉండేది ఆరుగురు. ఇంక నీ హిస్టరీలో ఏం కనిపిస్తుందమ్మా?

ఎడిసన్ పిన్ని:
ఇక్కడ అమెరికాలో భర్త వీసా మీద వచ్చిన మా హెచ్4 వాళ్ళందరిదీ ఇదే బాధ. పర్మిట్ వచ్చేదాకా ఖాళీయే. వీసా అని రాస్తే ఎవరూ ఇంకో మాట అడగరు.

వరంగల్ తమ్ముడు:
పిన్నీ, ఆమె అడిగింది వీసా సంగతి కాదు.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
బాబాయ్ గారు పీఎఫ్ గురించి చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ అబద్ధం దొరికేది పీఎఫ్ దగ్గర కాదు, టేబుల్ దగ్గర. ఈవిడ మానేసింది 2019లో. సప్లయర్లు వేసిన రిటర్నుల నుంచి, కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీలో ఎంత ఇన్‌పుట్ క్రెడిట్‌గా తగ్గించుకోవచ్చో చూపే జీఎస్టీఆర్-2బి వచ్చింది 2020 ఆగస్టులో. 2022 జనవరి నుంచి 2బిలో కనిపించని ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి లేదు. ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్ళతో మొదలై 2023 ఆగస్టుకి 5 కోట్ల దాకా దిగింది. అంటే ఆటోనగర్‌లో ఓ మోస్తరు స్పేర్ పార్టుల డీలర్ కూడా అందులోకి వచ్చేశాడు. 2019 నుంచి ఆడిటర్ దగ్గర చేశానని రాసుకుంటే ఇవన్నీ చేత్తో చేసి ఉండాలి. మొదటి పది నిమిషాల్లో అడిగేది వీటినే.

ఆరేళ్ళు ఇంట్లో ఉన్నానన్న మనిషికి 2బి సరిగా రాకపోతే నేర్చుకుంటుందిలే అనుకుంటాం. ఆరేళ్ళుగా చేస్తున్నానన్న మనిషికి రాకపోతే అక్కడితో కాగితాలు మూసేస్తాం. ఆ సర్టిఫికెట్ ఆమెకి అలా ఎదురు తిరుగుతుంది.

రెజ్యూమేలో పాత ఉద్యోగాలు ఎలా రాస్తారో అదే వరసలో దీన్నీ రాయండి. నేనైతే ఇలా రాయిస్తాను: "2019 ఏప్రిల్ – 2025 మార్చి: కుటుంబంలో ఇద్దరు పెద్దల వైద్య సంరక్షణ కోసం పూర్తికాల విరామం. ఆ బాధ్యత ఇప్పుడు పూర్తయింది." అంతే. జబ్బు పేరు వద్దు, ఆసుపత్రి వద్దు. "మల్టీ టాస్కింగ్, ఓర్పు నేర్చుకున్నాను" లాంటివి అసలే వద్దు, చదివేవాళ్ళకి అది సంజాయిషీలా ఉంటుంది. తేదీలు తీసేసి నైపుణ్యాలు మాత్రం పేర్చే పద్ధతి కూడా మంచిది కాదు. తేదీలు లేని రెజ్యూమే చూస్తే మేము ముందు వెతికేది తేదీలనే. లింక్డిన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అని విడిగా పెట్టుకునే వీలుంది. అందులో సంరక్షణ అనే రకం కూడా ఉంది.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. మీ పాత కంపెనీ పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వేసిందా లేదా చూసుకోండి. చాలా చిన్న కంపెనీలు వెయ్యవు. అలా ఉంటే రికార్డులో మీరింకా అక్కడే ఉన్నట్టు, మీ రెజ్యూమేలో మానేసినట్టు ఉంటుంది. చివరి చందా పడి రెండు నెలలు దాటితే మీరే మెంబర్ పోర్టల్‌లో Manage కింద Mark Exit దగ్గర వేసుకోవచ్చు.

బెజవాడ కోడలు:
ఇప్పుడే చూశాను అక్కా. తేదీ వెయ్యలేదు. ఆరేళ్ళుగా ఖాళీగానే ఉంది.

వరంగల్ తమ్ముడు:
నేను చెప్పేది వినుండ్రి. మా నాయినకు క్యాన్సర్, నాలుగేండ్లు నేనే చూసుకున్న. అన్న దుబాయ్‌ల ఉండె. ఇంటర్వ్యూల ఒక పెద్దమనిషి "ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అని అడిగిండు. ఒక్క ముక్కల చెప్పాలంట! నాలుగేండ్లు రాత్రిపూట మా నాయిన పక్కన కూసున్నది ఒక్క ముక్కల ఎట్ల చెప్తరు? నేను మొత్తం చెప్పిన. ఇరవై నిమిషాలు చెప్పిన. రాలే ఉద్యోగం.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
తమ్ముడూ, ఆయన అడిగింది తప్పు, ఏ మాత్రం సందేహం లేదు. కానీ ఇరవై నిమిషాలు చెప్పాక ఆయన దగ్గర మీ పని గురించి అడగడానికి టైం ఎంత మిగిలింది?

వరంగల్ తమ్ముడు:
మీకు టైం లెక్క. మా నాయిన నాకు లెక్క.

చీరాల మాస్టర్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
మా అమ్మని చూసుకోవడానికి నేనూ రెండేళ్ళు ఇంట్లో ఉన్నాను తమ్ముడూ. విలువ తక్కువనుకుని క్లుప్తంగా చెప్పమనడం లేదు. ఎదుటివాడు తూచడానికి అది అక్కడ పెట్టకూడదని చెబుతున్నాను.

కోడలు గారూ, అర నిమిషం చాలు. ఇద్దరు పెద్దలకి వరసగా జబ్బు చేసింది, ఇంట్లో ఉండాల్సి వచ్చింది, ఇప్పుడా అవసరం తీరింది, ఈ మూడు నెలల్లో పని మళ్ళీ చేతిలోకి తెచ్చుకున్నాను, అని ఆగండి. తర్వాత వాళ్ళు పని గురించి అడిగితే విషయం ముగిసినట్టు. మళ్ళీ ఇంటి గురించే అడిగారంటే మీ జవాబులో ఏదో తెరిచి వదిలేశారన్న మాట.

పని చేతిలోకి తెచ్చుకోవడం అంటే ఇది. కొనుగోళ్ళ పుస్తకంలో ఇన్‌పుట్ ట్యాక్స్ 1,84,000 ఉంది, 2బిలో 1,61,500 కనిపిస్తోంది, తేడా 22,500 అనుకోండి. బిల్లు బిల్లుగా చూస్తే ఒక సప్లయర్ రిటర్నే వెయ్యలేదు, అది 9,000. ఇంకొకతను మీ జీఎస్టీ నంబరు వెయ్యకుండా మామూలు కస్టమర్ బిల్లుగా చూపించాడు, 6,300. మూడో అతను 11వ తేదీ దాటాక వేశాడు, ఆ 7,200 వచ్చే నెల 2బిలో వస్తుంది. మొదటి వాడికి ఫోన్ చెయ్యాలి, రెండో వాడితో సవరణ వేయించాలి, మూడో దానికి ఆగాలి. ఈ నెల మూడింటి క్రెడిట్ తీసుకోకూడదు. ఇది తడుముకోకుండా చెప్పగలిగితే ఆరేళ్ళ ఖాళీ వాళ్ళ మనసులో వెనక్కి పోతుంది. ట్యాలీప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్‌లో డబ్బులు కట్టకుండానే సాధన చెయ్యొచ్చు, కాకపోతే కొన్ని తేదీలకే ఎంట్రీలు ఒప్పుకుంటుంది.

లెడ్జర్ బాబాయ్:
చదువుకోవడానికి బాగానే ఉంది. మా అమ్మాయి నువ్వు చెప్పినట్టే చేసింది. బిడ్డ కోసం, వాళ్ళ అత్తగారి కోసం అయిదేళ్ళు ఆగింది. రెజ్యూమేలో ఉన్నదున్నట్టు రాసింది. అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పింది. ఉద్యోగం ఇచ్చారు. జీతం ఎంతో తెలుసా? మానేసినప్పుడు 28 వేలు, ఇచ్చింది 16. పక్క కుర్చీలో అదే పని చేసే కుర్రాడికి 30. "మీకు గ్యాప్ ఉంది కదమ్మా" అన్నారట. సర్టిఫికెట్ పెట్టి ఉంటే ఆ మాట వచ్చేదా? ఇంటికొచ్చి ఏడ్చింది. నువ్వు హెచ్ఆరువి, చెప్పు, మీరు అలా తగ్గించరా?

కూకట్‌పల్లి హెచ్ఆర్:
తగ్గిస్తాం. తగ్గించమని పైనుంచి చెబుతారు. నేనూ అలా ఆఫర్లు పంపాను. అది న్యాయమని ఎక్కడా చెప్పలేదు.

లెడ్జర్ బాబాయ్:
అయితే నిజం చెప్పమని ఆమెకి చెప్పే ముందు దాని ఖరీదు కూడా చెప్పు.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
చెబుతాను. పాత జీతం ఎంతని అడిగితే 2019 అంకె దగ్గర ఆగిపోకండి. "అది ఆరేళ్ళ కిందటిది. ఇప్పుడు ఈ పనికి ఇక్కడ ఇంత ఇస్తున్నారు, నేను అడిగేది అంత" అని ఒక అంకె చెప్పండి. ఆ అంకె వెళ్ళే ముందే కనుక్కోండి, అదే ఊళ్ళో అదే పని చేసే ఇద్దరిని అడిగి. తక్కువకి చేరాల్సి వస్తే మూడు నెలల్లో పని చూసి సవరిస్తామని ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. అందరూ రాసివ్వరు, అది కూడా నిజమే.

బెజవాడ కోడలు:
అందరికీ నమస్కారం. ఒక మాట మొదట్లో చెప్పలేదు. మీరు "బాధ్యత పూర్తయింది" అని రాయమన్నారు. అత్తగారు ఉన్నారు. మంచంలోనే ఉన్నారు. రెండు చోట్లా నా మాట ఆగిపోయింది ఖాళీ గురించి అడిగినప్పుడు కాదు. "మళ్ళీ అవసరం వస్తే మానేస్తారా?" అని అడిగినప్పుడు. మానేస్తానని నాకు తెలుసు. మా మరిది ఇదే ఊళ్ళో ఉంటాడు. ఆయన ఉద్యోగం ఒక్క రోజూ ఆగలేదు. ఇంట్లో ఆ ప్రస్తావన ఇంతవరకు ఎవరూ తేలేదు.

వరంగల్ తమ్ముడు:
అక్కా, నా కథ కూడ గదే. మా అన్నను నేను ఎన్నడు అడగలే.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
నేను తొందరపడి ఆ వాక్యం రాయించాను, క్షమించండి. "పూర్తయింది" తీసేయండి. "ప్రస్తుతం కుటుంబంలో ఏర్పాటు జరిగింది" అని ఉండాలి, అదీ నిజంగా జరిగాకే. పగలు పది గంటలు ఎవరుంటారు, ఆయా రాని రోజు సెలవు ఎవరు పెడతారు, రాత్రి ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు. ఈ మూడూ ఇంట్లో పేర్లతో సహా తేలాలి. అవి తేలితే "ఆయా ఉంది, తను రాని రోజు మా మరిది చూసుకుంటారు" అని మామూలుగా చెప్పగలరు.

లెడ్జర్ బాబాయ్:
అడగమ్మా మీ మరిదిని. ఆ మాట మాత్రం హెచ్ఆర్ అమ్మాయి సరిగ్గా చెప్పింది. సర్టిఫికెట్ సంగతి నా అభిప్రాయం నాదే.

బెజవాడ కోడలు:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మా వారూ, మరిదీ, నేనూ కూర్చున్నాం. చాలా గొడవైంది, తోటికోడలు రెండు రోజులు మాట్లాడలేదు. పగటి ఆయా జీతంలో సగం మరిది ఇస్తానన్నాడు. ఆయా రాని రోజుల్లో నెలకి రెండు తను, మిగతావి మా వారు. రాత్రి సంగతి తేలలేదు, అది నామీదే ఉంది. పీఎఫ్‌లో మానేసిన తేదీ వేశాను. గురువారం ఆటోనగర్‌లో ఒక డీలర్ దగ్గర ఇంటర్వ్యూ. ఇద్దరిని అడిగితే ఆ పనికి ఒకరు 22, ఒకరు 26 అన్నారు. ఏది అడగాలి?

లెడ్జర్ బాబాయ్:
26.

కూకట్‌పల్లి హెచ్ఆర్:
26 అడగండి. 22కి దిగాల్సి వస్తే ఆ మూడు నెలల మాట రాయించుకున్నాకే దిగండి.