సిఎన్‌సి గంటకీ లేతు గంటకీ ఒకే ఓవర్‌హెడ్ వేస్తే కొటేషన్ సరిగ్గా వస్తుందా?

గాజువాక టర్నర్:
ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాప్ నాది. ఒక సిఎన్‌సి టర్నింగ్ మిషను, రెండు మామూలు లేతులు, ముగ్గురు ఆపరేటర్లు. అద్దె, కరెంటు, మిషన్ల తరుగుదల, లోను వడ్డీ, ఇన్సర్టులు అన్నీ కలిపి నెలకు 90,000 అవుతోంది. మూడు మిషన్లూ కలిపి నెలకు 450 గంటలు నడుస్తాయి కాబట్టి గంటకు 200 ఓవర్‌హెడ్ వేస్తాను, ఆపరేటర్‌కి 150. ఏ జాబ్‌కైనా గంటకు 350, మెటీరియల్, పైన పది శాతం లాభం. చిత్రం ఏమిటంటే సిఎన్‌సి కొటేషన్లు బేరం కూడా లేకుండా ఓకే అయిపోతున్నాయి, లేతు పనులు మాత్రం పక్క షెడ్డుకి పోతున్నాయి. నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండటం లేదు. లెక్క తప్పా, రేటు తప్పా?

పోతపని పెదబాబు:
కాస్టింగ్ సమస్య అని నా ఫోన్‌లో ఎవరో పంపితే పోతలో బ్లో హోల్స్ గురించేమో అని పరిగెత్తుకొచ్చాను. ఇదేదో డబ్బుల కాస్టింగ్. సరే, కూర్చుని వింటాను.

ద్వారకానగర్ లెక్కలు:
టర్నర్ గారూ, బేరం లేకుండా ఓకే అవుతున్నాయన్నారు చూశారా, జబ్బు అక్కడే బయటపడింది. కొనేవాడు మారుమాట లేకుండా ఆర్డర్ ఇస్తున్నాడంటే మీ రేటు ఊళ్లో అందరికంటే తక్కువన్నమాట. లేతు పని పోతోందంటే అక్కడ ఎక్కువ వేస్తున్నారు. సిఎన్‌సి ఖర్చులో కొంత లేతు మోస్తోంది.

ఆ 90,000ని మిషన్ల వారీగా విడగొట్టి చూపించగలరా? అలాగే ఈమధ్య వేసిన ఒక సిఎన్‌సి కొటేషన్ కూడా పెట్టండి.

గాజువాక టర్నర్:
సిఎన్‌సికి తరుగుదల 15,000, వడ్డీ 9,000, ఇన్సర్టులు, కూలెంట్ 8,000, సర్వీసు 4,000, కరెంటు 7,000. షెడ్డు అద్దెలో సగం 10,000, ఇతర ఖర్చుల్లో వాటా 7,000. మొత్తం 60,000. మిగిలిన 30,000 రెండు లేతులవి. ఇలా రాస్తుంటేనే నాకు గుండె జారింది.

కొటేషన్: 40 ఎంఎం ఈఎన్8 పిన్నులు, 200. మెటీరియల్ పీసుకి 86. సైకిల్ 6 నిమిషాలు, అంటే 20 గంటలు, పీసుకి 35. మొత్తం 121, లాభంతో 133 వేశాను. వాళ్లు మర్నాడే పీఓ పంపారు.

ద్వారకానగర్ లెక్కలు:
సిఎన్‌సి నెలకు 150 గంటలు నడుస్తుందనుకుంటే 60,000 అంటే గంటకు 400. ఒక్కో లేతుకి 15,000, అదీ 150 గంటలే కాబట్టి గంటకు 100. మీరు రెండింటికీ 200 వేశారు.

ఇంకొకటి, సెట్టింగ్ లెక్కలోకి రాలేదు. జాస్ మార్చి, టూల్ ఆఫ్‌సెట్లు పెట్టి, మొదటి పీసు కొలిచి ఓకే చేసేసరికి ఎంతవుతుంది?

గాజువాక టర్నర్:
మూడు గంటలు పడుతుంది. అది మామూలేగా అని వదిలేస్తాను.

ద్వారకానగర్ లెక్కలు:
అయితే 23 గంటలు. గంటకు 400 ఓవర్‌హెడ్, 150 ఆపరేటర్, మొత్తం 12,650. పీసుకి 63 రూపాయలు. మెటీరియల్ 86 కలిపితే 149. మీరు 133కి ఇచ్చారు. లాభం మాట అటుంచండి, పీసుకి 16 రూపాయలు మీరే ఎదురిస్తున్నారు.

ఇదే పిన్నులు 20 మాత్రమే అడిగితే ఆ మూడు గంటల సెట్టింగే పీసుకి 82 రూపాయలు అవుతుంది, కోత ఖర్చు 55. అందుకే సెట్టింగ్‌ను కొటేషన్‌లో వేరే లైనుగా వేయమంటాను.

లేతు సంగతి చూడండి. పది గంటల షాఫ్ట్ పనికి మీ లెక్కలో 3,500, లాభంతో 3,850. అసలు ఖర్చు 2,500. పక్క షెడ్డువాడు 3,000 చెప్పి హాయిగా పని చేసుకుంటున్నాడు.

ఫిషింగ్ హార్బర్ ఫ్యాబ్రికేషన్:
మాకు ఈ గంటల గోలే లేదు. గేట్లు, గ్రిల్సు, బోటు మీద రెయిలింగు, అన్నీ కిలో లెక్క. కిలోకి ఇంత అని ఊళ్లో ఒక రేటు నడుస్తుంది. కానీ ఈ మధ్య సన్న పైపుతో రెయిలింగు చేశాను. బరువు తక్కువ, వెల్డింగు జాయింట్లు మాత్రం నూరు పైన. కిలో రేటు వేసి దెబ్బ తిన్నాను. బరువైన బీము పనిలో మాత్రం అదే రేటుకి బాగా మిగిలింది. టర్నర్ అన్న కథ కూడా ఇదేనేమో.

మార్కెట్ మాటే మాట:
ఏటండీ ఈ లెక్కలు! కొనేవాడు 135కి మించి ఇవ్వనంటే మీ 149 ఎవరికి కావాలి? మిషను ఖాళీగా ఉన్నా అద్దె, వడ్డీ, జీతం కట్టాల్సిందే. మెటీరియల్‌కి పైన ఏదొచ్చినా పుచ్చుకోవాలి. రేటు ఊరు నిర్ణయిస్తుంది, కాగితం కాదు.

ద్వారకానగర్ లెక్కలు:
మీరన్నది సగం నిజం. సిఎన్‌సి నడిస్తేనే పుట్టే ఖర్చు కరెంటు, ఇన్సర్టులు, కూలెంట్, అంటే గంటకు 100. ఈ పిన్నులకి అది పీసుకి పదకొండున్నర. మెటీరియల్‌తో కలిపి 97.50. ఆ కింద ఎవరైనా అడిగితే మిషను ఆపి తాళం వేసుకోవడమే నయం. 135 వస్తే 200 పీసులకు 7,500 మిగులుతుంది, గంటకు 326. మిషను నిజంగా ఖాళీగా ఉంటే తీసుకోండి, తప్పులేదు.

కానీ నెలంతా అలాగే నడిస్తే గంటకు 450 కావాల్సిన చోట 326 వస్తుంది. మిగతా ఖర్చు, ఆపరేటర్ జీతం గంటకు 450 అడుగుతాయి. పైగా ఒకసారి 135 చూసిన పర్చేజ్‌వాడు రిపీట్ ఆర్డర్‌కి 149 ఇస్తాడా?

మార్కెట్ మాటే మాట:
ఇవ్వడు. అయినా ఆ నెల జీతాలు ఇవ్వగలిగాను కదా అంటాను నేను. ఈ విషయంలో మనకి కుదరదు.

గాజువాక టర్నర్:
ఒక డౌటు. పోయిన నెల సిఎన్‌సి 90 గంటలే నడిచింది. అయితే మిగతా 45,000ని 90తో భాగించి, నడిస్తే పుట్టే 100 కలిపితే రేటు 600 అవుతుంది కదా. అదే వేయాలా?

ద్వారకానగర్ లెక్కలు:
వేయకండి. 600 వేస్తే ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి, గంటలు తగ్గుతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. ఏడాది సగటులో మీ మిషను మామూలుగా నడిచే గంటలు పట్టుకోండి. ఖాళీ గంటల ఖర్చు ఆ నెల నష్టంగా వేరే రాయండి, కొనేవాడి నెత్తిన రుద్దకండి. అలాగని షిఫ్టు 208 గంటలుందని 60,000ని 208తో భాగించినా మోసపోతారు. రేటు 288 అని వస్తుంది, ఆ గంటలన్నీ మీరు అమ్ముకోలేరు.

సరిచూసుకోవాలంటే ప్రతి జాబ్‌కి ఒక కార్డు పెట్టి సెట్టింగ్, కోత గంటలు ఆపరేటర్ చేత రాయించండి. నెలాఖరున ఆ గంటల్ని మీ ఓవర్‌హెడ్ రేట్లతో గుణించి చూడండి. మామూలు నెలలో 90,000 దగ్గరికి రావాలి. మరీ తక్కువొస్తే గంటలు ఎక్కడో కారిపోతున్నాయి.

ఇంతకీ కొనుగోళ్లు, డ్రాయింగులు, డబ్బు వసూళ్లు ఎవరు చూస్తారు?

గాజువాక టర్నర్:
నేనే. జీతమంటూ ఏమీ లేదు, మిగిలిందే నాది.

ద్వారకానగర్ లెక్కలు:
అయితే 90,000 కూడా తప్పే. మీ స్థానంలో ఒకరిని పెట్టుకుంటే 25,000 అడుగుతాడనుకోండి. అన్ని గంటల మీద సమానంగా పరిస్తే గంటకు దాదాపు 56 పెరుగుతుంది. అయితే సిఎన్‌సి జాబులకే మీ సమయం ఎక్కువ పోతుంటే దానికే ఎక్కువ వేయాలి. ఎన్ని గంటలు దేనికి పోతున్నాయో మీకే తెలియాలి.

ఫిషింగ్ హార్బర్ ఫ్యాబ్రికేషన్:
అన్నా, నా జీతం సంగతి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. ఈ రాత్రికి నిద్ర పట్టదు.