అప్‌డేట్: ఫుట్‌బాల్ అంచులు, మూలలు వేలితో లెక్కపెట్టకుండా

నా ప్రశ్న: “ఫుట్‌బాల్ ఆకారానికి ఎన్ని ముఖాలు, అంచులు, శీర్షాలు? ఘనం, అష్టముఖి ద్వంద్వాలు కావడం, అంటే ఒకదాని ముఖాలకు మరొకదాని శీర్షాలు జత కావడం, ఈ లెక్కలో ఎక్కడైనా పనికొస్తుందా?”

అప్‌డేట్: ఫుట్‌బాల్ లెక్క తేలింది. 20 త్రిభుజాలు, 30 అంచులు, 12 శీర్షాలున్న ఐకోసాహెడ్రన్‌తో మొదలుపెట్టాలి. ప్రతి అంచులో మూడో వంతు దగ్గర మూలలు కోసేస్తే త్రిభుజాలు షడ్భుజాలవుతాయి, కోసిన 12 చోట్లా పంచభుజాలు వస్తాయి. మొత్తం 32 ముఖాలు. పాత అంచు ఒక్కోదాని మీద రెండు కొత్త శీర్షాలు, అంటే 60. అంచులు పాతవి 30, పంచభుజాలవి 60, కలిపి 90. శీర్షాలు − అంచులు + ముఖాలు = 2 అనే ఆయిలర్ సూత్రంతో సరిచూస్తే 60 − 90 + 32 = 2.

ద్వంద్వం సంగతే నాకు బాగా నచ్చింది. ఘనానికి 6 ముఖాలు, 8 శీర్షాలు. అష్టముఖికి 8 ముఖాలు, 6 శీర్షాలు. అంచులు రెండింటికీ 12. వీటి మూలలూ అలాగే కోశాక వచ్చే ముఖాలన్నీ పాత ముఖాలు, శీర్షాల మొత్తమే కదా! అందుకే రెండింటికీ 14 ముఖాలు, 36 అంచులు, 24 శీర్షాలు వస్తాయి. ఆకారాలు మాత్రం వేరు: ఘనం నుంచి 6 అష్టభుజాలు, 8 త్రిభుజాలు, అష్టముఖి నుంచి 8 షడ్భుజాలు, 6 చతురస్రాలు. కాబట్టి ఈ మూడు సంఖ్యలు చూసి ఆకారం ఏదో చెప్పేయలేం. అదే అంచు మధ్య దాకా కోస్తే రెండూ ఒకే ఆకారమవుతాయి, 12 శీర్షాల క్యూబాక్టాహెడ్రన్.