స్పాట్ కొని క్వార్టర్లీ అమ్మితే ప్రీమియం చేతికొస్తుందా?

అనంతపురం_సురేశ్: బిట్‌కాయిన్ స్పాట్ 60,000 డాలర్లు. 90 రోజుల క్వార్టర్లీ ఫ్యూచర్ 61,500. ఒకటి కొని, ఇంకొకటి అమ్మి పెట్టుకుంటే 1,500 ఖాయమే కదన్నా? యాడ మునుగుతాం?

ఆదోని_పత్తి: ఫ్యూచర్ పైన ఉందంటే రేటు పెరుగుతాదనే లెక్క తమ్ముడూ. అమ్మేదెందుకు? ఊరికే కొని పెట్టుకో.

కడప_శేషయ్య: అది జోస్యం కాదన్నా. మీరు పత్తి నిల్వ పెడితే గోదాము బాడుగ, వడ్డీ కలిసి ముందు తేదీ రేటు పెరుగుతుంది. బిట్‌కాయిన్‌కు గోదాము లేదు. ఆ 1,500 చాలావరకు, చేతిలో డబ్బు లేకుండా పెద్ద పొజిషన్ కావాలనుకునేవాళ్లు కట్టే వడ్డీనే. 90 రోజులకు 2.5 శాతం, ఏడాదికి సుమారు 10. 2021 ఏప్రిల్‌లో కొనేవాళ్ల ఆత్రానికి అది 30 దాటింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్చేంజి కూలినప్పుడు ఫ్యూచర్ స్పాట్ కన్నా కిందికి దిగింది. గడువు రోజు రెండూ కలుస్తాయి, నిజమే. అందాకా నిలబడగలవా అనేదే ప్రశ్న.

కర్నూలు_నాగ: నేను నిలబడలేకపోయినా. కాయిన్ నా వాలెట్‌లో పెట్టి, షార్ట్‌కు, అంటే అమ్మిన ఫ్యూచర్‌కు, 6,000 డాలర్ల మార్జిన్ మాత్రమే పూచీగా కట్టినా. బిట్‌కాయిన్ రేటు దాదాపు పదిశాతం ఎగిరింది. పొద్దున లేచి చూస్తే షార్ట్ లేదు, మార్జిన్ చాలక ఎక్స్చేంజే మూసేసింది, లిక్విడేట్ అయిపోయింది. కాయిన్ లాభంలో ఉంది కదా అని అమ్మకుండా ఉంటే, మళ్లీ 60,000కే దిగింది. మార్జిన్ పోయింది, కాయిన్ మీదా ఏం మిగల్లేదు.

కడప_శేషయ్య: మార్జిన్ నిండా కట్టినా మన దేశంలో ఇంకో గుంత ఉంది తమ్ముడూ, పన్ను. గడువు నాటికి రేటు 75,000 అనుకో. కాయిన్ మీద 15,000 లాభం, షార్ట్ మీద 13,500 నష్టం, నికరం నీ 1,500. కానీ ఆ నష్టాన్ని క్రిప్టో లాభంలో తగ్గించుకోనివ్వరు. 15,000 మీద 30 శాతం, సెస్సుతో 4,680. అంటే 3,180 చేతి నుంచి పెట్టాల. పైగా అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు, 750. అది పన్నులో జమ అవుతుంది, కానీ రిటర్న్ దాకా డబ్బు ఆగిపోతుంది.

అనంతపురం_సురేశ్: రేటు పడితే?

కడప_శేషయ్య: 50,000కు పడితే కాయిన్‌లో 10,000 నష్టం. అది దేనితోనూ సర్దుకోదు. షార్ట్‌లో వచ్చిన 11,500కు పన్ను కట్టాల్సిందే. రేటు 60,000 దగ్గరే ఆగితే తప్ప 1,500లో మిగిలేది తక్కువ.

కర్నూలు_నాగ: బిట్‌కాయిన్‌నే మార్జిన్‌గా పెట్టే కాంట్రాక్టులో, షార్ట్‌ను కాయిన్ విలువకు సమానంగా ఉంచితే, రేటు పెరిగినా లిక్విడేషన్ రాదు కదా శేషన్నా?

కడప_శేషయ్య: రాదు. కానీ నీ కాయిన్ మొత్తం ఎక్స్చేంజి చేతిలో ఉంటుంది, ఎఫ్‌టీఎక్స్‌లో పోయింది అట్లనే. ఇక కాయిన్ డెలివరీ లేని ఫ్యూచర్ లాభం 30 శాతం కిందికా, వ్యాపార ఆదాయం కిందికా? నేనడిగిన ఇద్దరు ఆడిటర్లు రెండు మాటలు చెప్పినారు.

ఆదోని_పత్తి: అయితే వాళ్లిద్దరిలో ఎవరి మాట మీద రిటర్న్ వేసినావు?

కడప_శేషయ్య: వేయలేదన్నా, ఆ ట్రేడే పెట్టలేదు.