బెంగళూరు ప్రదర్శనలో స్టాల్: 2 లక్షల ఖర్చుకు 10 లక్షల ఆర్డర్లు చాలునా?

అంబత్తూరు సంచులు: చెన్నైలో మాకు జూట్, కాటన్ సంచులు కుట్టే చిన్న యూనిట్ ఉంది, ఆరు మిషన్లు. బెంగళూరు తుమకూరు రోడ్డులోని బీఐఈసీ ప్రదర్శన కేంద్రంలో మూడు రోజులు జరిగే కార్పొరేట్ కానుకల ప్రదర్శనలో స్టాల్ తీసుకుందామని ఉంది. 9 చదరపు మీటర్లకు అద్దె 99,000, అలంకరణకు 40,000, నమూనాలకు 25,000, ముగ్గురి ప్రయాణం, బస, భోజనాలకు 42,000. జీఎస్టీ కాక మొత్తం 2,06,000. 10 లక్షల ఆర్డర్లు రావచ్చని నా అంచనా. మా వారు వద్దంటున్నారు. మీరేమంటారు?

హోసూరు రోడ్డు: వెళ్లండి, ఆలోచించకండి. స్టాల్ ఖర్చును ప్రకటన ఖర్చుగా చూడాలి. రెండేళ్లుగా ఫోనులో మాత్రమే మాట్లాడిన కొనుగోలుదారు మీ స్టాల్ ముందు నిలబడి సంచి పట్టుకుని చూస్తే వచ్చే నమ్మకానికి లెక్క కట్టగలమా?

ఆవకాయ ఇంటివారు: మేము జయనగర్‌లో ఒక కల్యాణమండపంలో పచ్చళ్ల స్టాల్ పెట్టాము. రెండో రోజు సాయంత్రానికే సరుకంతా అయిపోయింది, అద్దె మొదటి రోజే చేతికొచ్చింది. మీరు కూడా సంచులు రెండింతలు పట్టుకెళ్లమ్మా, లేకపోతే చివరి రోజు ఖాళీ బల్ల ముందు కూర్చోవాలి.

పీణ్య పాతకాపు: ఆవకాయవారు చెప్పింది వేరే వ్యాపారం. అక్కడ జనం డబ్బిచ్చి సీసా పట్టుకుపోతారు. ఇక్కడికి వచ్చేవాళ్లు కంపెనీల కొనుగోలు విభాగంవాళ్లు, కానుకల డీలర్లు. ధర అడిగి కార్డు ఇచ్చి వెళ్తారు. పైగా తమిళనాడు జీఎస్టీ నమోదుతో కర్ణాటకలో అక్కడికక్కడ అమ్మాలంటే తాత్కాలిక వ్యాపారిగా ముందే నమోదు చేయించుకుని, అంచనా పన్ను ముందుగా కట్టాలి. నమూనాలను డెలివరీ చలానా మీద తీసుకెళ్లి, ఆర్డరు రాసుకుని, సరుకు చెన్నై నుంచి పంపడమే మీకు తేలిక.

అమ్మా, మీ లెక్కలో కొన్ని లేవు. లోడింగు కూలీ, అదనపు బల్లలు, ధరల పట్టీల ముద్రణ, ప్రదర్శన అయ్యాక అడిగినవాళ్లకు కొరియరులో పంపే నమూనాలు, అన్నీ కలిపి ఇంకో 24,000 వేసుకోండి. అప్పుడు 2,30,000. అద్దె మీది 18 శాతం జీఎస్టీ, అంటే 17,820, క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కానీ కొన్ని వారాలు మీ డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. హోటలు గది మీది పన్ను మాత్రం రాదు, దాన్ని ఖర్చులోనే రాసుకోండి. ఉచితంగా ఇచ్చే నమూనాల మీద తీసుకున్న క్రెడిట్ కూడా వదులుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. గుడ్డ, కుట్టు కూలీ, ముద్రణ, రవాణా పోగా సంచి మీద మీకు ఎంత మిగులుతుంది?

అంబత్తూరు సంచులు: 22 శాతం వరకు అండీ. పెద్ద ఆర్డరైతే ఇంకా తగ్గుతుంది.

పీణ్య పాతకాపు: అయితే 10 లక్షల ఆర్డర్లకు మిగిలేది 2,20,000. ఖర్చు 2,30,000. మీరు ఆశించిన ఆర్డర్లన్నీ వచ్చినా 10,000 చేతి నుంచి పోతుంది. అసలు చేతికి రావాలంటే దాదాపు పదిన్నర లక్షల ఆర్డర్లు కావాలి.

ఆ 10 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి. స్టాల్‌లో మాట్లాడేవాళ్లు ఇద్దరు. మొదటి రోజు ఉదయం ప్రారంభోత్సవం సందడితో పోతుంది, మూడో రోజు మధ్యాహ్నం నుంచి పక్క స్టాళ్లవాళ్లు సర్దుకోవడం మొదలుపెడతారు. నికరంగా పని జరిగే సమయంలో నిజమైన కొనుగోలుదారులతో నింపాదిగా 70 సంభాషణలు జరిగితే మంచిదే. అందులో 15 మంది కొటేషన్ అడుగుతారు. ఐదుగురు ఆర్డరిస్తారు, అదీ రెండు నెలల్లోపు. కొత్త చేతికి ఎవరూ మొదటిసారే పెద్ద ఆర్డరివ్వరు. 50,000 చొప్పున వేసుకున్నా రెండున్నర లక్షలు. మిగులు 55,000. తక్కిన 1,75,000 అదే ఐదుగురిలో మళ్లీ వచ్చేవాళ్ల నుంచి రావాలి, అంటే ఏడాదిలో మరో 8 లక్షల సరుకు. కొటేషన్ అడిగిన 15 మందికి వారంలోపు ధర, నమూనా పంపే మనిషి మీ దగ్గర లేకపోతే ఈ లెక్క మొత్తం గాలికి పోతుంది.

హోసూరు రోడ్డు: ఇక్కడే నాకు అభ్యంతరం. 22 శాతం అన్నది ఏడాది సగటు. మిషన్లు ఖాళీగా ఉన్న నెలల్లో ఆ ఆర్డర్లు వస్తే, నెల జీతం ఎలాగూ ఇస్తున్నారు కదా? అప్పుడు కుట్టు కూలీ కొత్త ఖర్చు కాదు, మిగులు 35 శాతం దాకా వెళ్తుంది. ఆరున్నర లక్షల ఆర్డర్లు దాటితే చాలు.

పీణ్య పాతకాపు: నెల జీతమైతే మీ మాట నిజం. సంచికింత అని ఇస్తుంటే కాదు.

అంబత్తూరు సంచులు: ఇద్దరికి నెల జీతం, నలుగురికి సంచి లెక్క. కార్పొరేట్ కానుకల ఆర్డర్లు ఎక్కువగా దీపావళి ముందే వస్తాయి. అప్పుడు మిషన్లు ఖాళీగా ఉండవు.

వైట్‌ఫీల్డ్ బాబాయి: అందరూ ఒకటి మరిచారు. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న యూనిట్లకు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ స్టాల్ అద్దెలో కొంత తిరిగి ఇస్తుంది. మహిళల యూనిట్లకు వాటా ఎక్కువ. అద్దె పోతే మీ లెక్క సగానికి సగం తేలికైపోతుంది కదమ్మా!

పీణ్య పాతకాపు: బాబాయిగారూ, పథకం ఉంది. అయితే ముందే దరఖాస్తు చేయాలి, ఆ ప్రదర్శన అర్హత పరిధిలోకి రావాలి, గరిష్ఠ పరిమితి ఉంటుంది, డబ్బు చివరికి చేతికి వస్తుంది. వస్తే సంతోషం, దాన్ని నమ్ముకుని అడ్వాన్సు కట్టకూడదు.

అంబత్తూరు సంచులు: నిర్వాహకులు మూల స్టాల్‌కు 10 శాతం ఎక్కువ అడుగుతున్నారు. రెండువైపులా జనం కనిపిస్తారట. తీసుకోనా?

పీణ్య పాతకాపు: మీ సరుకుకు వద్దు. మూల స్టాల్‌లో ఒక పక్క గోడ పోతుంది. మీవి వేలాడదీసే వస్తువులు, మీకు గోడే దుకాణం. నిర్వాహకులు కట్టి ఇచ్చే షెల్ స్టాల్ గోడలు అల్యూమినియం చట్రంలో దిగిన పలకలు. మేకు కొట్టనివ్వరు, పాడుచేస్తే జరిమానా వేస్తారు. పై పట్టీకి ఎస్ ఆకారపు కొక్కేలు తగిలించి గొలుసులు దింపండి, సంచులు కంటి ఎత్తులో ఉంటాయి. వెనుక గోడకు మూడు మీటర్ల పొడవున ఒకే వినైల్ ముద్రించకండి. పలకల మధ్య నిలువు పట్టీలు అడ్డొచ్చి మీ పేరు మధ్యలో చీలుతుంది. నిర్వాహకుల పుస్తకంలో కనిపించే వెడల్పు ఇస్తారు, ఒక్కో పలకకు విడిగా ముద్రించండి. 40,000 కాస్తా 25,000 అవుతుంది.

హోసూరు రోడ్డు: అంటే స్టాల్ తీసుకోమన్నట్టేగా?

పీణ్య పాతకాపు: నేనైతే ఈ ఏడాది సందర్శకుడిగా వెళ్తాను. చెన్నై నుంచి రైలు, అక్కడ మాదవర మెట్రో స్టేషన్ బీఐఈసీ పక్కనే. ఒక్కరు రెండు రోజులు తిరిగొస్తే పది వేలు దాటదు. సంచుల స్టాళ్లు ఎన్ని ఉన్నాయి, వాటి ముందు నిలబడేది డీలర్లా, ఊరికే తిరిగేవాళ్లా అన్నది కళ్లతో చూడవచ్చు. నమూనాలు పంచితే మాత్రం భద్రతా సిబ్బంది ఆపుతారు.

హోసూరు రోడ్డు: ఏడాది పోతుంది సార్. ఈలోగా అదే డీలర్లు ఇంకొకరి సంచులకు అలవాటు పడతారు.

అంబత్తూరు సంచులు: అడ్వాన్సు గడువు ఇంకా ఉంది. గత ప్రదర్శనలో పాల్గొన్నవారి జాబితా అడిగాను. అందులో ఇద్దరు సంచులవాళ్లకైనా ఫోను చేసి, ఆరు నెలల తర్వాత మళ్లీ ఎవరు కొన్నారో అడుగుతాను. వాళ్లు నిజం చెబుతారా అన్నది వేరే సంగతి.