అప్‌డేట్: 35 నుంచి 42 దాకా గీతలున్న థర్మామీటర్ ఫోటో

నా ప్రశ్న: "ఊరి నుంచి అమ్మ థర్మామీటర్ ఫోటో పంపింది. మన 98, 100 అంకెలేవీ లేవు. 35 నుంచి 42 వరకే ఉన్నాయి. నాన్నకి జ్వరం ఎంతున్నట్టు?"

అది సెల్సియస్ స్కేల్. రెండు అంకెల మధ్య పది భాగాలున్నాయి, అంటే ఒక్కో చిన్న గీత 0.1 డిగ్రీ. మొదటి ఫోటో ఏటవాలుగా తీయడంతో పాదరసం 38.6 దగ్గర ఉన్నట్టు కనిపించింది. నా ప్రశ్నకి జవాబుగా మీరు చెప్పినట్టే, థర్మామీటర్‌ని కంటికి సమానంగా పెట్టి మళ్లీ ఫోటో తీయమన్నాను. నాన్న నోట్లో మళ్లీ పెట్టాల్సిన పనిలేదు. గొట్టం కింద సన్నటి నొక్కు ఉంటుంది కాబట్టి విదిలించేదాకా పాదరసం దిగదు. ఈసారి స్పష్టంగా 38 దాటి నాలుగో గీత.

దీన్ని మన ఫారెన్‌హీట్‌లోకి మార్చే మొదటి దారి, 1.8తో గుణించి 32 కలపడం:
38.4 × 1.8 = 69.12
69.12 + 32 = 101.12

నాకైతే రెండో దారే సులువనిపించింది: 37 అంటే 98.6 అని గుర్తుంటే చాలు. పైనున్న 1.4ని 1.8తో గుణిస్తే 2.5, కలిపితే 101.1.

డాక్టర్ గారికి ఫోన్‌లో 101 అని చెప్పాం. మాత్ర రాశారు, సాయంత్రం మళ్లీ చూడమన్నారు. ఈసారి పాదరసం 35 కిందికి దిగేదాకా విదిలించి పెట్టమని అమ్మకి చెప్పాను.